ఐవీఎఫ్‌లో పిండాలన్నీ ఫ్రీజ్ చేద్దామంటున్నారు: అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

నాకు 31 ఏళ్లు, పీసీఓఎస్ ఉంది. నెలసరి రెండో రోజు నుంచి రోజూ 150 యూనిట్ల ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజెక్షన్లు, ఆరో రోజు నుంచి గుడ్లు ముందే విడుదల కాకుండా ఇంకొకటి ఇచ్చారు. పదో రోజు స్కాన్‌లో రెండు అండాశయాల్లో కలిపి 27 ఫాలికల్స్ కనిపించాయి. అది చూసి డాక్టరమ్మ ఆలోచనలో పడ్డారు.

గుడ్లు పక్వానికి రావడానికి మామూలుగా ఇచ్చే హెచ్‌సీజీ వద్దని, బదులుగా ల్యూప్రోలైడ్ ఇచ్చి 36 గంటలకు గుడ్లు తీశారు. హెచ్‌సీజీ ఒంట్లో రోజుల తరబడి ఉండి, ఉబ్బిన అండాశయాలను ఇంకా రెచ్చగొడుతుందట. రక్తనాళాల నుంచి నీరు పొట్టలోకి ఊరడమే ఓహెచ్‌ఎస్‌ఎస్ అట. ఇప్పుడే పిండం పెట్టి గర్భం నిలిస్తే, ఆ గర్భమే హెచ్‌సీజీ తయారుచేసి ముప్పు పెంచుతుంది కాబట్టి పిండాలన్నీ ఫ్రీజ్ చేసి తర్వాత బదిలీ చేద్దామన్నారు. నాకు సబబుగానే తోచింది. అత్తయ్యకే "వేడివేడిగా పెట్టకుండా ఫ్రిజ్‌లో ఎందుకు?" అని బెంగ!

గుడ్లు తీసి ఇది మూడో రోజు. పొట్ట బిగుతుగా ఉంది, బరువు మొత్తం 800 గ్రాములు పెరిగింది. రోజుకు కిలో దాటి పెరిగినా, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా వెంటనే రమ్మన్నారు. అవేవీ లేవు.

ఇలా ఫ్రీజ్ చేయించుకున్నవారికి ఉబ్బరం ఎన్ని రోజులకు తగ్గింది? బదిలీకి ఎన్ని నెలసరులు ఆగారు? గర్భసంచి పొరను మాత్రలతో సిద్ధం చేశారా, సహజంగానా?