రంగులు ఎలా చెప్పాలి: ‘అందంగా’ అంటే చాలదా, పేరు పెట్టి చెప్పాలా?

రాత్రిపాళీ
నైట్ డ్యూటీ చేసేవాళ్ల మీద రాసిన పన్నెండు కథలు పుస్తకంగా వేస్తున్నాను. కవర్ ఆర్టిస్టుకి “రంగులు అందంగా, మనసుకి హత్తుకునేలా ఉండాలి” అని రాశాను. మూడు డ్రాఫ్టులొచ్చాయి. ఒకటి గులాబీ, లేత నీలం. ఒకటి బంగారు రంగు, తెలుపు. ఇంకొకటి నిండు ఊదా. మూడూ బాగున్నాయి, ఒక్కటీ నా పుస్తకానిది కాదు. ఇప్పుడు రంగుల పేర్లు, మూడ్, కాంట్రాస్ట్ అన్నీ రాసి పంపాలా? అలా రాస్తే ఆర్టిస్టు చేతులు కట్టేసినట్టవుతుందా?

కోడ్‌బాబు
కోడ్లు ఇచ్చేయండి, గొడవ వదిలిపోతుంది. పేర్లను నమ్మి బాగుపడినవాడు లేడు. వెబ్ పేజీల్లో `gray` అంటే `#808080`, `darkgray` అంటే `#A9A9A9`. అంటే ‘డార్క్’ అని పేరున్నది మామూలు గ్రే కంటే లేతగా ఉంటుంది! కంప్యూటర్‌కిచ్చిన పేర్ల సంగతే ఇలా ఉంటే మనం నోటితో చెప్పుకునే పేర్లు ఎవరికి ఎలా అర్థమవుతాయి? ఆరు అంకెలు రాస్తే ఎవరి దగ్గరైనా అదే రంగు.

మసిబొగ్గు
బొమ్మలు వేసే మనిషిగా చెబుతున్నాను, రెండూ వద్దు. కోడ్లు ఇచ్చారంటే నన్ను రంగులు నింపే మిషన్ అనుకున్నట్టే. మూడ్ రాస్తే ఇంకా ప్రమాదం. ‘ఒంటరితనం’ అని ఒక్క మాట రాసి చూడండి. నీలం, ఒక కిటికీ, అటు తిరిగి నిలబడిన మనిషి వీపు, ఇవే వస్తాయి. మాట విన్న వెంటనే తట్టిన బొమ్మ అది, కథలోంచి వచ్చింది కాదు. మీ కథల్లో బాగా కుదిరినది ఒకటి పంపండి. చదివి వేసేవాడైతే వేస్తాడు, చదవనివాడికి ఎంత రాసినా అంతే.

పాతకుంచె
కవర్లు, పోస్టర్లు చాలా ఏళ్లుగా వేస్తున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

పేర్లు మోసం చేస్తాయన్నది నిజమే, తెలుగులో మరీను. మొదట్లో ఒక పోస్టర్‌కి “వెనకాల పచ్చ రంగు” అన్నారు. నేను నిక్షేపంగా ఆకుపచ్చ వేసిచ్చాను. వాళ్ల మనసులో ఉన్నది పసుపుపచ్చ. పచ్చకామెర్లలో పచ్చ ఒకటి, పచ్చని చెట్టులో పచ్చ ఒకటి, ఇందులో ఎవర్ని తప్పుపడతాం? అప్పట్నుంచీ రంగు పేరుకి ఒక వస్తువు తగిలించమంటాను. చిలకాకుపచ్చ అంటే ఒకటి కనిపిస్తుంది, గోడ మీద నాచు అంటే ఇంకొకటి కనిపిస్తుంది. వట్టి ‘గ్రీన్’ అంటే ఏదీ కనిపించదు.

వస్తువు చెప్పాక ఇంకో రెండు ముక్కలు కావాలి: ఎంత ముదురు, ఎంత నిండు. ఈ రెండూ ఒకటేననుకుంటారు గానీ కాదు. ఇటుక ఎరుపులో తెలుపు కలిపితే లేతబడుతుంది. అంతే ముదురున్న బూడిద రంగు కలిపితే లేతబడకుండానే మసకబారుతుంది. ‘కొంచెం తగ్గించండి’ అని రాస్తే వీటిలో ఏది తగ్గించాలో ఆర్టిస్టుకి తెలియదు. సగం డ్రాఫ్టులు అక్కడే తప్పుతాయి.

మూడ్ ఎక్కువగా ఈ రెండిట్లోనే ఉంటుందని నా నమ్మకం. నీలం అంటే దిగులు అనే లెక్క నాకు కుదరదు. నిండు నీలం రంగు పిల్లల బంతి మీద ఉంటే దిగులెక్కడిది? అదే నీలాన్ని ముదురు చేసి, మసక చేసి, పేజీలో ముప్పావు వంతు పరిస్తే అప్పుడు బరువొస్తుంది. ఎంత మేర పరుస్తున్నామన్నది కూడా చెప్పాలి, జనం అది మర్చిపోతారు.

కోడ్‌బాబు గారూ, అంకెలు ఒకటే అయినా కంటికి ఒకటే కాదు. ఇటుక ఎరుపు చుక్కని ముదురు నీలం మీద పెడితే నిప్పులా వెలుగుతుంది. అదే చుక్కని లేత కాగితం రంగు మీద పెడితే ముదురు గోధుమరంగులా ఉంటుంది. ఫ్రాన్స్‌లో గోబ్లాఁ నేతశాలలో అద్దకం పని చూసుకున్న రసాయన శాస్త్రవేత్త షెవ్రల్‌కి నల్లరంగు వెలిసినట్టుందని ఫిర్యాదులొచ్చేవట. పరీక్షిస్తే అద్దకంలో లోపం లేదు, పక్కనున్న నీలం, ఊదా దారాలు దాన్ని అలా చూపిస్తున్నాయి. దాని మీదే ఆయన 1839లో పెద్ద పుస్తకం వేశాడు. పక్కన ఏముందో చెప్పని కోడ్ సగం మాటే.

గాలిపటం
నాకూ ఇదే సమస్య. స్లైడ్ల కోసం ఏ రంగులు బాగుంటాయో ఎవరైనా లిస్ట్ ఇస్తారా?

పాతకుంచె
అది వేరే సంగతండీ. ఇక్కడ ఏ రంగులన్నది కాదు, మనసులో ఉన్నదాన్ని ఎలా చెప్పాలన్నది.

జంటదీపం
ఎవరూ అడగలేదు గానీ నా గోడు కూడా వినండి. నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. డాక్టరు ప్రొటాన్ రకం అన్నారు. ‘మిరపపండు ఎరుపు’, ‘నాచు రంగు’ అని ఎంత వర్ణించినా నాకు రెండూ ఒకే గుంపులో పడతాయి. నాకు పనికొచ్చే ముక్క ఒక్కటే: దేనికంటే ఏది లేత. పేర్లు రాయండి, వద్దనను, ఆ ముక్క మాత్రం వదలకండి.

రాత్రిపాళీ
అందరికీ థాంక్స్. మసిబొగ్గు గారి మాట విన్నాక కొంచెం వెనక్కి తగ్గాను గానీ, రాసి చూస్తే నాకే స్పష్టత వచ్చింది. ఇదీ నేను రాసింది:

“వెనకాల నీలిమందు నీలం. ముదురు, మసక, పేజీలో ముప్పావు వంతు. పుస్తకం పేరు ఇటుక ఎరుపులో. మూలన ఒకే ఒక్క కిటికీ, దాని వెలుతురు పాత కాగితం రంగు. మూడ్: తెల్లవారుజామున నాలుగింటికి నిద్ర ఆపుకుంటున్న మనిషి. భయం లేదు, విసుగు లేదు, ఒళ్లు బరువుగా ఉందంతే. కాంట్రాస్ట్ ఎక్కువగా ఉండాలి.”

కోడ్‌బాబు గారి కోసం కోడ్లు కూడా: నీలం `#1F2A44`, ఇటుక `#B5533C`, కాగితం `#EADBC0`. వీటితో నేనే వేసుకున్న నమూనా కూడా ఇక్కడ పెట్టాను.

కోడ్‌బాబు
హమ్మయ్య, ఇప్పుడు లెక్క వేయొచ్చు. కాగితం రంగుకీ నీలానికీ కాంట్రాస్ట్ 10.4:1, బ్రహ్మాండం. ఇటుకకీ నీలానికీ 2.9:1 మాత్రమే. వెబ్‌లో మామూలు అక్షరాలకి కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకి 3:1 ఉండాలంటారు. మీ పుస్తకం పేరు పెద్ద అక్షరాల హద్దు కూడా దాటలేదు.

రాత్రిపాళీ
అదేంటండీ? ఎరుపు, నీలం, స్క్రీన్ మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయే!

పాతకుంచె
‘కాంట్రాస్ట్ ఎక్కువ’ అన్న మాటలో ఉన్న చిక్కు ఇదే, నా దృష్టిలో అదీ ‘అందంగా’ లాంటిదే. మీకు కొట్టొచ్చింది రంగు తేడా. ఒకటి వెచ్చన, ఒకటి చల్లన, అందుకే పక్కపక్కన పెడితే దడదడలాడతాయి. అక్షరం అంచు కంటికి దొరకాలంటే వెలుగులో తేడా ఉండాలి, అది మీ దగ్గర తక్కువ. ఆ నమూనాని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి, బొటనవేలి గోరంత చేసి చూడండి. కిటికీ మిగులుతుంది, పేరు నీలంలో కలిసిపోతుంది.

జంటదీపం
నాకు మార్చక్కర్లేదు, ఇప్పుడే అలా కనిపిస్తోంది. ఎరుపు నాకు మీ అందరికంటే ముదురుగా ఉంటుంది. కాబట్టి ఆ 2.9 కూడా నాకు దక్కదు.

రాత్రిపాళీ
మరి ఇటుక రంగు తీసేయాలా? కథల్లో సగం వెచ్చదనం దాంట్లోనే ఉంది.

పాతకుంచె
తీయొద్దు, చోటు మార్చండి. పేరుని కాగితం రంగులో పెట్టండి, చదవాల్సింది అదే కదా. ఇటుకని కిటికీకి ఇవ్వండి, అది కనిపిస్తే చాలు, ఎవరూ చదవరు. ఒకటి మాత్రం చూసుకోండి: కిటికీ మీద చిన్న అక్షరాలేవీ వేయొద్దు. కాగితం రంగు అక్షరాలు ఇటుక మీద వేసినా కాంట్రాస్ట్ 3.6 దగ్గరే ఆగుతుంది.

‘కాంట్రాస్ట్ ఎక్కువ’ కొట్టేసి ఇలా రాయండి: “పేరుకీ వెనక నీలానికీ వెలుగు తేడా బాగా ఉండాలి. కిటికీకీ నీలానికీ వెచ్చన–చల్లన తేడా చాలు, వెలుగు తేడా తక్కువున్నా ఫరవాలేదు.” ఇలా చెబితే ఆర్టిస్టుకి చేతులు కట్టినట్టు కాదు. ఏ అంకె మార్చినా ఈ రెండు సంబంధాలు చెడకుండా చూసుకుంటాడు.

మసిబొగ్గు
ఇది నాకు నచ్చింది, ఒప్పుకుంటాను. కిటికీ తెల్లగా వెలిగితే ఇల్లు గుర్తొచ్చేది. ఇటుక ఎరుపులో మసకగా ఉంటే ఎవరో లోపల పనిలో ఉన్నట్టుంది. కానీ చూశారా, ఇది రంగు పేరు రాసినందుకు రాలేదు, తప్పు చోట పెట్టి చూసినందుకు వచ్చింది. ఆ పని ఆర్టిస్టు తన కాగితం మీద తనే చేసుకుంటాడు.

పాతకుంచె
చేసుకుంటాడు, నిజమే. మూడు డ్రాఫ్టులు అయ్యాక చేసుకుంటాడు.

రాత్రిపాళీ
పది రోజుల తర్వాత వచ్చి చెబుతున్నాను. కొత్త డ్రాఫ్ట్ వచ్చింది, ఇక్కడ పెట్టాను. పేరు దూరం నుంచి కూడా చదవగలుగుతున్నాం, కిటికీ సరిగ్గా నేననుకున్నట్టే ఉంది. నీలం మాత్రం నేనిచ్చిన కోడ్ కంటే లేత. ఎందుకని అడిగితే, కవర్‌కి మెరుపు లేని కాగితం వాడుతున్నారు కాబట్టి సిరా పీల్చుకుంటుందనీ, నేనిచ్చిన నీలం అచ్చులో దాదాపు నలుపవుతుందనీ అన్నారు.

కోడ్‌బాబు
ప్రింట్ సంగతి నేను ఆలోచించలేదు. సరే, స్క్రీన్ వరకే నా మాట.

మసిబొగ్గు
కోడ్ మార్చారంటే చేతులు కట్టలేదన్నమాట. అయినా కథ పంపుంటే మొదటి డ్రాఫ్టే ఇలా వచ్చేదని నా పందెం.

రాత్రిపాళీ
ఆ సంగతి చెప్పలేదు కదూ. మీ మాట కూడా కొట్టిపారేయలేక, వివరణతో పాటు లైన్‌మ్యాన్ కథ కూడా పంపాను. ఆయన కథ మొత్తం చదివారట. ఏది పనిచేసిందో నాకూ తెలియదు.

జంటదీపం
పేరు చదవగలుగుతున్నాను. కిటికీ ఎక్కడుందో ఎవరైనా చెబుతారా?