థ్రీ, థర్టీ, బ్రెత్: మన త, ద సరిపోతాయా, నాలుక పళ్ల బయటికి రావాల్సిందేనా?

కావలి సిస్టర్:
బీఎస్సీ నర్సింగ్ అయిపోయింది, విదేశాల్లో నర్సు పనికి రాసే ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీకి చదువుతున్నా. కోచింగులో ఒక మేడమ్ థ్రీ, థర్టీ, బ్రెత్ మన త, ద తో పలికితే ఒప్పుకోవడం లేదు, ప్రతిసారీ ఆపేస్తారు. ఇంకో సార్ మాత్రం అర్థమైతే చాలు, యాస గురించి పట్టించుకోవద్దంటారు. ఎవరి మాట వినాలి? నేర్చుకోవాల్సిందే అయితే ఎట్లా నేర్చుకోవాలి?

ఒంగోలు వంశీ:
సార్ చెప్పిందే రైట్ చెల్లీ. ఐర్లాండ్‌లో చాలామంది ఇంగ్లిష్ మాతృభాషగా ఉండి కూడా థింక్, దిస్ మనలాగే నాలుక పళ్లకి ఆనించి పలుకుతారు. వాళ్లని ఎవరూ తప్పుపట్టరు. విమానాల రేడియోలో అయితే మూడుని ట్రీ అని, వెయ్యిని టౌజండ్ అని పలకాలని అంతర్జాతీయ నియమమే ఉంది. అంత జాగ్రత్త కావాల్సిన చోటే ఆ శబ్దాన్ని వదిలేశారంటే, నీకెందుకు ఆ తిప్పలు? మరీ అయితే థ ని గట్టిగా ఒత్తి పలుకు. ఇంగ్లిష్ వాళ్ల శబ్దం అదే.

పెన్నా గట్టు:
వంశీ గారు, ఐర్లాండ్ మాట నిజం. దానికి ఇంకో బలం కూడా ఉంది. వేర్వేరు దేశాల వాళ్లు ఇంగ్లిష్‌లో మాట్లాడుకునేటప్పుడు ఏ ధ్వనులు తప్పితే అర్థం చెడుతుందో జెన్నిఫర్ జెన్కిన్స్ అనే భాషావేత్త 2000లో ఒక జాబితా ఇచ్చారు. అందులో థింక్, దిస్ మొదట్లో ఉన్న ఈ రెండు ధ్వనులకూ చోటు ఇవ్వలేదు. విమానాల పద్ధతి వేరు. అక్కడ ట్రీ అంటే మూడని ఇద్దరికీ ముందే తెలుసు. మంచం మీదున్న రోగికి అలాంటి ఒప్పందం ఏమీ లేదు.

ఒప్పుకోలేనిది మీ చివరి మాట. మన థ, ఇంగ్లిష్ ధ్వని ఒకటి కావు. థ పలికేటప్పుడు నాలుక పళ్లను పూర్తిగా మూసేసి, ఒక్కసారిగా వదిలేస్తుంది, వెనకాలే గాలి తన్నుకొస్తుంది. ఇంగ్లిష్ ధ్వనిలో నాలుక ఎక్కడా దారి మూయదు, సన్నటి సందులోంచి గాలి జారుతూనే ఉంటుంది. తేడా తెలియాలంటే రెంటినీ సాగదీసి చూడండి. స ని ఎంతసేపైనా సాగదీయగలం, ఇంగ్లిష్ ధ్వనినీ అంతే. థ ని సాగదీయబోతే వెనకున్న అచ్చు సాగుతుందే తప్ప హల్లు సాగదు.

ఒత్తి పలికితే ఇంకో నష్టం ఉంది. ఇంగ్లిష్ వాళ్లు మాట మొదట్లో వచ్చే టీ ని గాలితోనే పలుకుతారు. అందుకని మీరు థ్యాంక్ అని ఒత్తి పలికితే వాళ్ల చెవికి ట్యాంక్ అని వినబడే అవకాశం ఎక్కువ. ఒత్తకుండా త అంటే అదే చెవికి డి లాగా తోచవచ్చు, థర్టీ కాస్తా డర్టీ అవుతుంది. మనకి త వేరు, ట వేరు, కాబట్టి మనలో మనకి తికమక రాదు. వాళ్ల చెవిలో మన త కి ప్రత్యేకంగా గది లేదు.

కందుకూరు అమ్మ:
మా బాబుకి ఐదేళ్లు నిండాయండీ. కాకి అనమంటే తాతి అంటాడు, కోడిని తోడి అంటాడు. నాలుక పళ్ల మీదికే పోతుంది. మీరు చెప్పే ఈ అభ్యాసం వాడికి చేయించొచ్చా?

పెన్నా గట్టు:
వద్దమ్మా, మీ బాబు సంగతి దీనికి తిరగబడిన సంగతి. క పలకడానికి నాలుక వెనక భాగం లేవాలి, వాడికి ముందు భాగం లేస్తోంది. ఈ అభ్యాసం నాలుకని ఇంకా ముందుకి తెస్తుంది. ఐదేళ్లకి క రావాలి, ఇక ఆగొద్దు. ముందు వినికిడి పరీక్ష చేయించి, తర్వాత స్పీచ్ థెరపిస్టుకి చూపించండి. నెల్లూరులోగానీ ఒంగోలులోగానీ చెవి ముక్కు గొంతు డాక్టర్ని అడిగితే ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్తారు.

ఆత్మకూరు బాషా, కువైట్:
ఏందన్నా ఇంత చర్చ పెట్టేసినారు. నేనిక్కడ డ్రైవర్‌గా ఉండా. ఇక్కడోళ్లు మూడుని థలాథా అంటారు, నాలుక కొస పళ్ల మధ్య కనబడతా ఉంటాది. వింటా వింటా మనోళ్లకి కూడా అదే వచ్చేస్తాది. అరబ్బులందరూ అట్లనే అంటారు. చెల్లెమ్మ కూడా నెల రోజులు వింటే చాలు, వేరే కోచింగ్ ఏం అక్కర్లేదు.

పెన్నా గట్టు:
బాషా అన్నా, మీరు పట్టుకున్న ఉదాహరణ చాలా బాగుంది, ఇంగ్లిష్ ధ్వని అచ్చంగా అదే. హాధా అంటే ఇది అని కదా, అందులో ఉన్నది దానికి జంట ధ్వని, గొంతు మోగేది. అయితే అరబ్బులందరూ కాదు. గల్ఫ్ వాళ్లు నిలబెట్టుకున్నారుగానీ ఈజిప్టు వాళ్లు మూడుని తలాతా అనే అంటారు. మీ పక్కన ఈజిప్టు వాళ్లుంటే ఒకసారి విని చూడండి. వినడం వల్ల వస్తుందన్న మాటకి నాదొక సవరణ. చెవి ఆ తేడాని గుర్తుపట్టడం మొదలెట్టాక వస్తుంది. అంతవరకూ మెదడు దాన్ని త గానే వింటుంది.

ఇక సిస్టర్ గారు, చేసే పద్ధతి ఇది. అద్దం ముందు కూర్చోండి. నోరు కొంచెం తెరిచి నాలుక కొసని పై పళ్ల అంచు కింద తాకీతాకనట్టు ఉంచండి. రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి కనబడితే చాలు. కొరకొద్దు, కొరికితే దారి మూసుకుపోయి మళ్లీ త వస్తుంది. ఇప్పుడు మాట ఏదీ అనుకోకుండా ఉత్త గాలి వదలండి, రెండు మూడు సెకన్లు. ఈ శబ్దం చాలా నీరసంగా ఉంటుంది, స అంత గట్టిగా ఉండదు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఏమీ వినబడలేదని గట్టిగా నొక్కుతారు, నొక్కగానే త అయిపోతుంది.

నోటి ముందు నాలుగు వేళ్ల దూరంలో సన్నటి టిష్యూ ముక్క పట్టుకుంటే ఏం జరుగుతోందో తెలుస్తుంది. సరిగ్గా వస్తుంటే అది గాలి వదిలినంతసేపూ వంగి ఉంటుంది. ఒక్కసారి ఎగిరి పడితే మీరు పలికింది మన థ. పెద్దగా కదలకపోతే త. ఒకవేళ ఫ లాగా వినబడితే కింది పెదవి పై పళ్లకి తగులుతోందని అర్థం, వేలితో పెదవిని కిందికి లాగి పట్టుకుని చేయండి. స లాగా ఈల వేస్తుంటే నాలుక పళ్ల వెనక్కి జారిపోయింది.

గాలి కుదిరాక గొంతు మీద చెయ్యి పెట్టి అదే స్థితిలో గొంతు మోగించండి. జంట ధ్వని వస్తుంది, నాలుక మీద సన్నగా జలదరిస్తుంది. రోజుకి ఐదు నిమిషాలు చాలు, ఎక్కువసేపు చేస్తే పెదాలు ఎండిపోయి శబ్దం చెడుతుంది.

మీ పనిలో రోజూ వచ్చే వాక్యం ఒకటి తీసుకుందాం: బ్రీద్ ఇన్ త్రూ ద మౌత్, దెన్ హోల్డ్ యువర్ బ్రెత్. ఇందులో ఈ ధ్వనులు ఆరు చోట్ల ఉన్నాయి. బ్రీద్, ద, దెన్ లలో గొంతు మోగుతుంది. త్రూ, మౌత్, బ్రెత్ లలో ఉత్త గాలి. ముందు త్రూ పట్టండి, మనం పలికేది వాళ్లకి ట్రూ అని వినబడేది ఇక్కడే. గాలి ఒక సెకను సాగదీసి, తర్వాత నాలుక లోపలికి లాక్కుని రూ అనండి. నెమ్మదిగా ఆ సాగు తగ్గించుకుంటూ రండి. మౌత్, బ్రెత్ లలో మన అసలు జబ్బు వేరే. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మౌతు, బ్రెతు అని చివర ఉ చేర్చేస్తాం. వినేవాళ్లకి మాటే మారిపోయినట్టుంటుంది. గాలిని సాగదీస్తూ దానంతటదే ఆగిపోనివ్వండి, నాలుకని వెనక్కి లాగి ముగించొద్దు. ఉ పోయిందంటే సగం పని అయినట్టే.

కనిగిరి ఇంగ్లిష్ టీచర్:
పెన్నా గట్టు గారి పద్ధతి బాగుంది. ఏ మాటలో గొంతు మోగాలో ఎలా తెలుస్తుందని మా పిల్లలు అడుగుతుంటారు, అది చెప్తాను. ద, దిస్, దట్, దే, దెన్, దేర్ లాంటి చిన్న చిన్న పనిమాటల మొదట్లో మోగుతుంది. థింక్, థంబ్, థ్రోట్, థైరాయిడ్ లాంటి అర్థం మోసే మాటల మొదట్లో మోగదు. త్రూ చిన్న మాటే అయినా ఇటువైపే చేరుతుంది. మదర్, ఫాదర్, వెదర్ లాంటి ఇంటి మాటల మధ్యలో మోగుతుంది, మెథడ్, ఆథర్, పథాలజీ లాంటి గ్రీకు, లాటిన్ మాటల్లో మోగదు. బ్రెత్ ఊపిరి, బ్రీద్ ఊపిరి తీయడం. రెండోదానికి స్పెల్లింగ్‌లో చివర ఈ ఉంటుంది, అది ఉంటే గొంతు మోగుతుంది. డిక్షనరీలో చూస్తే సున్నా మధ్యలో అడ్డగీత ఉన్న గుర్తు ఉత్త గాలికి, తోక మీద అడ్డగీత ఉన్న వంకర డి గుర్తు మోగేదానికి.

నేర్చుకున్న ఉత్సాహంలో థామస్, థాయ్‌లాండ్, థేమ్స్ అనకండి. వాటిలో ఉన్నది ఉత్త టీ. ఆస్తమాలో అయితే టీ, హెచ్ రెండూ పలకరు, ఆస్మా అంటే చాలు. నర్సులకి ఇది రోజూ పడే మాట.

మనకి ఈ అలవాటు ఎందుకంటే, లత, స్వాతి, కవిత అని ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మనం టీ పక్కన హెచ్ పెడతాం. ఉత్తరాది వాళ్లు ఎక్కువగా ఒట్టి టీ తోనే రాస్తారు. అందుకని మన పిల్లలకి ఆ రెండక్షరాలు కనబడగానే త అని స్థిరపడిపోతుంది. నా మట్టుకు ఆరో తరగతిలోనే రెండు ధ్వనులూ నేర్పించాలి. ద ని ద గానే వదిలేస్తామంటే ఒప్పుకోను.

పెన్నా గట్టు:
అక్కడే మీతో నాకు పేచీ, మాస్టారూ. ఇన్ ద, ఆన్ ద అన్నప్పుడు ఇంగ్లిష్ వాళ్లే ఆ ధ్వనిని ముందున్న న లో కలిపేసుకుంటారు. వాక్యం మొదట్లో ద అన్నా చాలామంది నోట మన ద కి దగ్గరగానే వస్తుంది. నాలుక పళ్లకి తగిలితే చాలు, డ కాకుండా ఉండాలి. సిస్టర్‌కి ఉన్న సమయం అంతా ఉత్త గాలి ధ్వనికి పెట్టడం మేలని నా లెక్క.

కనిగిరి ఇంగ్లిష్ టీచర్:
పరీక్షకి పోయే సిస్టర్‌కి సరే. బ్రీద్ చివర్లో మాత్రం ద్ పలికితే బ్రీడ్‌లా వినబడుతుంది, అది వదలడానికి లేదు. బడిపిల్లల విషయంలో నా మాట మారదు.

ఒంగోలు వంశీ:
థ, ఇంగ్లిష్ ధ్వని ఒకటి కావని ఒప్పుకుంటున్నా, టిష్యూ పెట్టి చూశాను, ఎగిరిపోయింది. అయినా ఓఈటీ వాళ్లు చూసేది స్పష్టంగా అర్థమవుతుందా అనే కదా, ఇంగ్లండ్ యాస ఉందా అని కాదుగా. ఒక్క శబ్దానికి మార్కులు పోతాయా?

పెన్నా గట్టు:
ఆ ఒక్కదానికే పోవు. అక్కడ ఉచ్చారణని కొలిచేది మాట అందుతుందా లేదా అన్నదానితోనే, సొంత యాస ఉండటం తప్పు కాదు. థర్టీన్ మిల్లీగ్రాములా, థర్టీ మిల్లీగ్రాములా అన్న దగ్గర అయితే ఈ ధ్వని కన్నా ఒత్తు ఎక్కడ పడిందన్నదే ముఖ్యం. థర్టీలో మొదటి ముక్క మీద, థర్టీన్‌లో రెండో ముక్క మీద పడాలి, చివరి న్ వినబడాలి. అనుమానం ఉంటే వన్ త్రీ, త్రీ జీరో అని అంకెలు విడదీసి చెప్పండి. ఆ త్రీ ట్రీ లాగా వినబడినా డోసు మారదు.

కావలి సిస్టర్:
టిష్యూ పెట్టి చేశానండీ. విడిగా పలికితే వంగి ఉంటోంది, త్రూ లో మాత్రం ఎగిరిపోతోంది. మౌత్‌లో వస్తోంది.

పెన్నా గట్టు:
ర కోసం నాలుక ముందే తొందరపడుతోంది. త్రూ, త్రీ రెండు రోజులు పక్కన పెట్టి థిన్, థిక్, థంబ్ చేయండి. తర్వాత రెంటి మధ్య చిన్న అ పెట్టి థరూ, థరీ అనండి. గాలి నిలబడ్డాక ఆ అ ని తీసేయండి.