ఫంక్షన్ల ఖర్చుకు నెలకు ఎంత పక్కన పెట్టాలి?

అందరికీ నమస్తే. మాది హన్మకొండ, నా జీతం 34,000, అద్దె, పిల్లల ఫీజు, బండి కిస్తీ పోను చేతిలో ఆరేడు వేలే మిగులుతాయి. మాఘమాసం, శ్రావణం వచ్చాయంటే చాలు, నాకు టెన్షన్ మొదలవుతుంది.

మొన్న కూర్చుని ఏడాది లెక్క రాశాను. మొత్తం 17 ఫంక్షన్లు, 48,200 రూపాయలు. అందులో 25,000 రెండింటికే పోయాయి: అక్క గృహప్రవేశానికి బట్టలు, వెండి గ్లాసు కలిపి 14,000, మేనకోడలి చీరల ఫంక్షన్‌కు 11,000. మిగతా 15 పెళ్లిళ్లు, తొట్టెల ఫంక్షన్లు కలిపి 23,200, అంటే నేను అనుకున్నంత పెద్ద ఖర్చు అవి కావు, అసలు భారం సొంతవాళ్ల దగ్గరే ఉంది.

నెలకు 4,000 వేరే ఖాతాలో వేద్దామనుకుంటున్నా. కానీ ఈ మాఘంలో ఒక్క నెలలోనే ఆరు పెళ్లిళ్లు పడ్డాయి, ఖాతా నిండకముందే ఖర్చు వచ్చి పడితే ఏం చేయాలి? పోయినసారి చీటీ ఎత్తి కట్టాను, దాంట్లో పాటలోనే చాలా పోయింది.

ఇంకోటి. 2016లో మా పెళ్లి కట్నాల పుస్తకం ఇంకా ఉంది, పసుపు మరకలతో సహా. అందులో 516 రాయించిన వాళ్లకు ఇప్పుడు 1,116 రాయిస్తున్నా. మీరు ఎంత పెంచుతారు? వచ్చే ఏడాది చెల్లెలికి ఒడిబియ్యం పోయాలి, చీర, కుడుకలు, భోజనాలు, అన్నీ మావే. మనసుకు లోటు లేకుండా, అప్పు లేకుండా చేసిన వాళ్లుంటే ఎంతయిందో, ఎన్ని నెలల ముందు నుంచి దాచారో చెప్పండి.