పీడీఎఫ్ నోట్స్ అమ్మేటప్పుడు డౌన్‌లోడ్ లింకుకు గడువు పెట్టాలా?

సురేఖ: గ్రూప్-2 పాలిటీ నోట్స్ పీడీఎఫ్ 149 రూపాయలకు అమ్ముతున్నా. డబ్బు కట్టాక వచ్చే పేజీలో డ్రైవ్ లింక్ ఇస్తున్నా, అది గ్రూపుల్లో తిరుగుతోంది. గడువు పెడితే ఆగుతుందా?

కిరణ్: పెట్టాల్సిందేనండీ. 24 గంటలు, మూడు డౌన్‌లోడ్లు. అంతకుమించి ఎవరికీ అక్కర్లేదు.

వేణు: గడువు మాట నిజమే కిరణ్ గారూ, మూడు డౌన్‌లోడ్ల లెక్కే దెబ్బ కొడుతుంది. ఆఫీసు మెయిళ్లలో లింకును మనిషి కంటే ముందు స్కానర్ తెరుస్తుంది. వాట్సాప్‌లో పెడితే ప్రివ్యూ కోసం ఒకసారి తెరుచుకుంటుంది. ఫోన్లో డౌన్‌లోడ్ ఆగి మళ్లీ మొదలైతే ఇంకో రిక్వెస్టు. కొన్నవాళ్లు ఫైలు చూడకముందే మూడూ అయిపోతాయి.

సురేఖ గారూ, మెయిల్లో మీ సైట్లోని ఆర్డర్ పేజీ లింక్ పంపండి, దానికి గడువు వద్దు. అక్కడ బటన్ నొక్కినప్పుడే ఫైలుకు పది నిమిషాల లింక్ తయారవ్వాలి. ఫైలు అమెజాన్ స్టోరేజ్ ఎస్3లో ఉంటే ఇలా చేసి చూడండి:

```
aws s3 presign s3://my-notes/polity.pdf --expires-in 600
```

గడువు లోపల మొదలైన డౌన్‌లోడ్ గడువు దాటినా పూర్తవుతుంది. మధ్యలో తెగితే మాత్రం బటన్ మళ్లీ నొక్కాలి.

లత: నేను పచ్చళ్ల రెసిపీల పీడీఎఫ్ అమ్ముతాను. పాస్‌వర్డ్ పెట్టి పంపేస్తా. ఇంత అవసరమా?

వేణు: ఫైలు పంపించేవాళ్లు పాస్‌వర్డూ పంపిస్తారు లత గారూ. దానికి బదులు ప్రతి పేజీ అడుగున కొన్నవాళ్ల మెయిల్, ఆర్డర్ నంబర్ పడేలా చేయండి. కాపీ ఆగదు గానీ, తన పేరున్న ఫైలును గ్రూపులో పెట్టడానికి చాలామంది వెనకాడతారు.

రఫీ: అసలు చిక్కు ఇంకోటి ఉంది. యూపీఐ యాప్‌లో డబ్బు కట్టి చాలామంది బ్రౌజర్‌కు తిరిగి రారు. వాళ్లకు డబ్బు కట్టాక వచ్చే పేజీ కనిపించదు, "డబ్బు పోయింది, ఫైలు రాలేదు" అని మెయిల్ పెడతారు. అందుకే మెయిల్ పంపే పని ఆ పేజీ మీద కాకుండా పేమెంట్ గేట్‌వే మన సర్వర్‌కు నేరుగా పంపే కబురు, అంటే వెబ్‌హుక్ మీద పెట్టాలి. రేజర్‌పేలో `payment.captured` వచ్చాక, దాంతో వచ్చే డిజిటల్ సంతకం సరిచూసి మెయిల్ పంపాలి. అదే వెబ్‌హుక్ రెండుసార్లు రావచ్చు కాబట్టి పేమెంట్ ఐడీ రాసిపెట్టుకుని, రెండోసారి వస్తే వదిలేయాలి.

కిరణ్: సరే, ఆ ఆర్డర్ పేజీ లింకే గ్రూపులో పెడితే?

వేణు: పెట్టొచ్చు. కొన్న మెయిల్‌కు ఓటీపీ పంపి తెరిపిస్తే ఆగుతుంది.

కిరణ్: 149 రూపాయల నోట్స్‌కు ఓటీపీ అంటే కొన్నవాళ్లే విసుక్కుంటారు. నేను ఒప్పుకోను.

రఫీ: ఒకే ఆర్డర్‌ను రోజులో పదిమంది వేరువేరు ఊళ్ల నుంచి తెరిస్తే అప్పుడు మాత్రమే అడగండి.

సురేఖ: మరి పాత డ్రైవ్ లింక్ ఇప్పుడే మూసేయనా?

వేణు: ముందు పాత కొనుగోలుదారులందరికీ కొత్త ఆర్డర్ లింక్ మెయిల్ చేయండి. ఒక వారం ఆగి డ్రైవ్ షేరింగ్ తీసేయండి. ముందే తీస్తే డబ్బు కట్టినవాళ్లకే తలుపు మూసినట్టవుతుంది.