గంటకు 5 టన్నులకు దిగితే లై గాఢత ఊగుతోంది: డీకప్లర్ తప్పా, ట్యూనింగ్ తప్పా?

కిరణ్: 48 శాతం కాస్టిక్ లైని నీళ్లతో కలిపి 20 శాతానికి తెస్తాం. మొత్తం ఫ్లో గంటకు 10 టన్నులు. లై w1, నీళ్లు w2. ఫ్లో కంట్రోలర్ అవుట్‌పుట్ u1, గాఢత కంట్రోలర్‌ది u2. ఒక లూప్ కదిలితే రెండోది కదలకుండా, గెయిన్ మాట్రిక్స్‌ను ఇన్వర్స్ చేసి డీకప్లర్ ఇలా పెట్టాను:

```
dw1 = 0.417*u1 + 20.8*u2
dw2 = 0.583*u1 - 20.8*u2
```

పగలు బాగుంటుంది. రాత్రి 5 టన్నులకు దిగగానే గాఢత ఊగుతోంది, షిఫ్ట్ వాళ్లు మాన్యువల్‌లో పెట్టేస్తున్నారు.

మౌనిక: ఇన్వర్స్ డీకప్లర్ అంటేనే ప్రమాదమండీ. డిస్టిలేషన్ కాలమ్‌లో గెయిన్లు కొంచెం తేడా వస్తే చాలు, లూపులు అదుపు తప్పుతాయి. తీసేసి విడి లూపులు పెట్టుకోండి.

సుబ్బారావు: కాలమ్ వరకు మీ మాట నిజమే మౌనిక గారూ. స్వచ్ఛత బాగా ఎక్కువున్న కాలమ్‌లో, లూపులు ఒకదాన్నొకటి ఎంత కదుపుతాయో చెప్పే ఆర్‌జీఏ అంకె 30 కూడా దాటొచ్చు, చిన్న తప్పు అక్కడ పెద్దదవుతుంది. బ్లెండింగ్‌లో ఆ అంకె మొత్తం ఫ్లోలో ఆ స్ట్రీమ్ వాటా మాత్రమే, 0కీ 1కీ మధ్యే ఉంటుంది. కిరణ్, ముందు ఒక పరీక్ష చెయ్యి. 5 టన్నుల దగ్గర గాఢత కంట్రోలర్‌ని మాన్యువల్‌లో పెట్టి, ఫ్లో సెట్‌పాయింట్‌ను అర టన్ను పెంచి చూడు.

రవితేజ: మా దగ్గరా ఇంతే, లై వాల్వ్ స్టెమ్ పట్టేసేది. పొజిషనర్ మార్చాక తగ్గింది.

కిరణ్: చూశాను సార్. గాఢత కదల్లేదు.

సుబ్బారావు: అయితే డీకప్లింగ్ చెడలేదు. 0.417, 0.583 వాటాలు ఫ్లో తగ్గినా మారవు. తప్పు 20.8లో ఉంది. అది 10ని 0.48తో భాగించిన అంకె. 10 టన్నుల దగ్గర గాఢతను 1 శాతం పెంచడానికి లై 0.208 టన్నులు పెంచి, నీళ్లు అంతే తగ్గిస్తావు. 5 టన్నుల దగ్గర అదే మార్పు 2 శాతం పెంచుతుంది. అంటే లూప్ గెయిన్ రెట్టింపు.

డీకప్లింగే చెడాలంటే గ్రేడ్ మారాలి. 30 శాతం లైకి అసలు వాటా 0.625. అప్పుడు 0.417తోనే 10 నుంచి 11 టన్నులకు వెళ్తే గాఢత 29.1కి పడుతుంది. అయినా ఆ తప్పు ఒకవైపే, ఫ్లో నుంచి గాఢతకే. ఆ ఒక్కదానితో లూప్ ఊగదు. నేనైతే మాట్రిక్స్ వదిలేసి గాఢత కంట్రోలర్ అవుట్‌పుట్‌నే లై వాటా r గా తీసుకుంటాను, ఫ్లో కంట్రోలర్ మొత్తం ఫ్లో F ఇస్తుంది:

```
w1 = r * F
w2 = (1 - r) * F
```

ఇప్పుడు r నుంచి గాఢతకు గెయిన్ ఎప్పుడూ 0.48, ఫ్లో ఎంతైనా సరే.

కిరణ్: నిన్న రాత్రి పెట్టాను. పెద్ద ఊగిసలాట పోయింది, కానీ సెట్‌పాయింట్ మారిస్తే ఇంకా మూడు నాలుగు సార్లు ఊగి ఆగుతోంది.

సుబ్బారావు: ఫ్లో సగమైతే మిక్సర్ నుంచి అనలైజర్ దాకా లై చేరే సమయం రెట్టింపు. ఆ డెడ్ టైమ్‌ని ఏ డీకప్లరూ తీయలేదు. ట్యూనింగ్ 5 టన్నుల దగ్గర చెయ్యి, 10 దగ్గర కొంచెం నెమ్మదిగా ఉన్నా పర్వాలేదు. లై ఫ్లో ట్రెండ్ రంపపు పళ్లలా కనిపిస్తే మాత్రం రవితేజ చెప్పిన వాల్వ్‌నీ చూడాలి.

మౌనిక: F అంటే సెట్‌పాయింటా, మీటర్ చూపేదా? నీళ్ల వాల్వ్ పూర్తిగా తెరుచుకుపోతే సెట్‌పాయింట్‌తో లై ఎక్కువ పోతుంది కదా?

కిరణ్: నేను సెట్‌పాయింట్ పెట్టాను. అది ఆలోచించలేదండీ.