"ఒకటి ఘాతం అనంతం" అన్నప్పుడు అది ఏ ఒకటి?

శారద: కాలిక్యులస్ పాఠం ఒకటి తెలుగులో రాస్తున్నాను. 1^∞ దగ్గర "ఒకటి ఘాతం అనంతం అనిర్ధార్య రూపం" అని రాశాను. చిత్తుప్రతి చదివిన మా అక్క కొడుకు ఒకే ప్రశ్న వేశాడు: "ఒకటిని ఒకటితో ఎన్నిసార్లు గుణించినా ఒకటే కదా పిన్నీ, ఇందులో తేలనిది ఏముంది?" వాడు అడిగినదాంట్లో తప్పేం లేదు, నా వాక్యం చదివితే ఎవరికైనా అదే అనిపిస్తుంది. పాఠంలో అక్కడ ఉన్నది అసలు ఒకటి కాదు, ఒకటికి దగ్గరవుతూ పోయే సంఖ్య. ఈ తేడా మాటలోనే తెలిసేలా ఏం రాయమంటారు? "అనిర్ధార్యం" కూడా వాడికి ఎక్కలేదు. "అనిర్వచనీయం" అంటే ఏదో అనుభూతి గురించి చెబుతున్నట్టుంది.

వీరభద్రం: ఘాతం అంటే దెబ్బ అండీ. పిల్లలు ముందు ఆ మాటకే బెదిరిపోతారు. "పవర్" అని రాసేయండి, గొడవ ఉండదు.

శారద: వీరభద్రం గారూ, ఘాతంతో ఇబ్బంది లేదండీ. నా తంటా అంతా "ఒకటి"తోనే.

భానుమతి: దీనికి తెలుగు క్రియలోనే దారి ఉంది. "ఒకటైన" అంటే పని అయిపోయింది. "ఒకటవుతున్న" అంటే ఇంకా నడుస్తోంది. మీరు రాయాల్సింది "ఒకటవుతున్నదానికి అనంతమవుతున్న ఘాతం" అని. కొంచెం పొడుగే, కానీ మీ అక్క కొడుకు అడిగినదానికి జవాబు అందులోనే ఉంది. ఒకటైనదానికి ఎంత ఘాతం పెట్టినా ఒకటే. ఒకటవుతున్నదాని సంగతి వేరు. "అనిర్ధార్యం" బదులు నేనైతే "తేలని రూపం" అంటాను. తేలదు అనడంలో ఎప్పటికీ తేలదని కాదు, ఇంత చూసినంత మాత్రాన తేలదని.

రామ్మోహన్: "అవుతున్న" నాకు నచ్చింది. ఒక ఉదాహరణలో పెట్టి చూద్దాం. x సున్నాకి చేరువవుతుంటే (cos x)^(1/x²) ఏమవుతుంది?

x = 0.1 అనుకోండి. cos x సుమారు 0.995, ఘాతం 100. ఇక్కడ రెండు లాగుళ్లు ఉన్నాయి. ఆధారం ఒకటి కంటే తక్కువ కాబట్టి, ఘాతం పెరిగే కొద్దీ విలువ సున్నా వైపు జారాలి. అదే సమయంలో ఆధారం ఒకటికి దగ్గరవుతోంది కాబట్టి విలువ ఒకటి దగ్గరే ఆగాలి. రెండూ ఒకేసారి జరుగుతున్నాయి. ఎవరి వేగం ఎంతో తెలియకుండా గెలిచేదెవరో చెప్పలేం. "తేలని" అంటే ఇదే.

ఆ వేగాలు కొలవడానికే లాగ్ తీసుకుంటాం. విలువ y అనుకుంటే ln y = ln(cos x) / x². ఘాతం కిందికి దిగి హారంలోకి వచ్చేసింది. ఇప్పుడిది 0/0. లవం అవకలజం −tan x, హారం అవకలజం 2x. −tan x / 2x విలువ −1/2 వైపు వెళ్తుంది.

చాలామంది ఇక్కడే పెన్ను కింద పెట్టేసి, జవాబు −1/2 అని గీత గీసేస్తారు. నేనూ ఒక పరీక్షలో అదే చేశాను, మార్కులు పోయాయి. ధన సంఖ్యకి ఘాతం పెడితే రుణ సంఖ్య ఎలా వస్తుంది? మనకి దొరికింది ln y మాత్రమే. y కావాలంటే వెనక్కి రావాలి: e^(−1/2), అంటే సుమారు 0.6065. క్యాలిక్యులేటర్‌లో x = 0.1 పెడితే 0.6060, 0.01 పెడితే 0.60653 వస్తాయి. సున్నా గెలవలేదు, ఒకటీ గెలవలేదు.

వీరభద్రం: మా మాస్టారు దీన్నే "లాగ్ పెట్టి లాగితే ఘాతం కిందికి వస్తుంది" అనేవారు. క్లాసంతా నవ్వేది. మళ్లీ పైకి ఎక్కించాలని మాత్రం ఎవరికీ గుర్తుండేది కాదు.

కిరణ్: ఇంత పని ఎందుకు? షార్ట్‌కట్ ఉంది కదా. ఆధారంలోంచి ఒకటి తీసేసి ఘాతంతో గుణించి, దాని అవధిని e మీద పెట్టేయడమే. ఇక్కడ (cos x − 1)/x² అవధి −1/2, జవాబు e^(−1/2). లాగ్ ఊసే లేదు. 0^0కి కూడా ఇదే సరిపోతుంది. x^x తీసుకోండి, x(x − 1) సున్నాకి పోతుంది, జవాబు e^0, అంటే 1. పుస్తకంలోనూ ఒకటే ఉంటుంది.

రామ్మోహన్: మొదటి సగం నిజం కిరణ్. రెండో సగంలో జవాబు కలిసొచ్చింది, అంతే. నీ షార్ట్‌కట్ వెనక కూడా లాగే ఉంది, కనిపించకుండా. ఆధారం f ఒకటికి దగ్గరగా ఉన్నప్పుడు ln f, f − 1 దాదాపు సమానం. అందుకే ఒకదాని బదులు ఇంకోటి వాడుకోవచ్చు. 0^0లో f ఒకటికి దగ్గరగా లేదు, సున్నాకి పోతోంది. అక్కడ f − 1 అంటే −1 దరిదాపుల్లో ఉంటుంది. ln f ఏమో −∞ వైపు పడిపోతుంటుంది. రెండింటికీ పోలికే లేదు.

x^xలో అసలు జరిగేది x ln x సున్నాకి పోవడం. లాగ్ ఎంత కిందికి పడుతున్నా, x దానికంటే త్వరగా చిన్నదవుతోంది. అయినా చేరడం నెమ్మదే. x = 0.01 దగ్గర x^x ఇంకా 0.955, 0.001 దగ్గర 0.993.

ఇప్పుడు x ధనాత్మకంగా ఉండి సున్నాకి వెళ్తోందనుకుని, ఆధారం e^(−1/x), ఘాతం x పెట్టు. రెండూ సున్నాకే పోతాయి. నీ షార్ట్‌కట్‌తో ఎంతొస్తుంది?

కిరణ్: x(e^(−1/x) − 1)... సున్నా. అంటే జవాబు 1.

రామ్మోహన్: ఇప్పుడు లాగ్ తీసుకుని చూడు. x × (−1/x) = −1. ప్రతి x దగ్గరా విలువ 1/e, అంటే 0.3679. అవధి దాకా వెళ్లాల్సిన పని కూడా లేదు.

ఈ ఉదాహరణ పాతదే. 1821లో కోషీ 0^0ని తేలని రూపాల్లో చేర్చాడు. తర్వాత 1834లో మోబియస్, రెండు ప్రమేయాలూ సున్నాకి పోతే ఫలితం ఎప్పుడూ 1 అవుతుందని నిరూపణ రాశాడు. "S" అని మాత్రమే సంతకం పెట్టిన ఒకాయన సరిగ్గా ఈ e^(−1/x) తోనే దాన్ని పడగొట్టాడు.

కిరణ్: సరే, ఒప్పుకున్నాను. షార్ట్‌కట్ 1^∞ వరకే. మరి 0^∞ ఎందుకు ఈ జాబితాలో లేదు? అదీ వింతగానే ఉంది కదా.

రామ్మోహన్: లాగ్ తీసుకో. అనంతం × (−అనంతం). రెండూ ఒకే వైపు లాగుతున్నాయి, పోటీ లేదు. ln y మైనస్ అనంతానికి పోతుంది, y సున్నాకి. తేలిపోయింది. 1^∞, 0^0, ∞^0 మాత్రం లాగ్ తీసుకున్నాక 0 × ∞ గా మారతాయి, అందుకే ఈ మూడే.

సుధీర్: నాది లెక్కల ఫీల్డ్ కాదు, ప్రోగ్రామింగ్. కానీ భానుమతి గారి "ఒకటైన", "ఒకటవుతున్న" చదవగానే నాకు ఒకరోజు నిద్రలేకుండా చేసిన బగ్ గుర్తొచ్చింది. n పెంచుతూ (1 + 1/n)^n లెక్కిస్తున్నాను, 2.718 దగ్గరికి రావాలి. n బాగా పెద్దదయ్యాక ఏకంగా 1.0 వచ్చింది.

```python
import math
n = 1e16
print((1 + 1/n)**n)                  # 1.0
print(math.exp(n * math.log1p(1/n))) # 2.718281828459045
```

మొదటి వరుసలో 1 + 1/n కూడగానే ఆ చిన్న ముక్క రౌండింగ్‌లో పోయింది. ఒకటవుతున్నది కాస్తా ఒకటైపోయింది. తర్వాత పైథాన్ ఒకటికి ఎంత ఘాతం పెట్టినా ఒకటే అంటుంది, మీ అక్క కొడుకులాగే. log1p కూడకుండానే లాగ్ ఇస్తుంది కాబట్టి రెండో వరుస బతికింది. n = 1e15 దగ్గరైతే ఇంకా మోసం, 3.035 వస్తుంది. చూడ్డానికి నిజమైన జవాబులాగే ఉంటుంది.

ఒక సందేహం. పైథాన్‌లో 0**0 కొడితే 1 వస్తుంది. తేలని రూపం అంటున్నారు కదా, దానికెలా తేలింది?

భానుమతి: అది "సున్నా అయిన" సున్నా అనుకుంటాను. రెండూ నడక ఆపేశాయి.

రామ్మోహన్: అంతే. అక్కడ అవధి లేదు, ఒక విలువకి పెట్టుకున్న నియమం ఉంది. బహుపదిలో స్థిరపదాన్ని x^0 తో రాస్తాం, x = 0 దగ్గర కూడా అది నిలవాలంటే 0^0ని 1 అనుకోవాలి. దాన్ని నిర్వచించకుండా వదిలేయాలనేవాళ్లూ ఉన్నారు, ఆ వాదన ఇంకా సాగుతూనే ఉంది. అవధి లెక్కలో మాత్రం ఆ 1ని తెచ్చి పెట్టకూడదు.

శారద: అయితే ఇలా మార్చాను: "ఆధారం ఒకటవుతూ, ఘాతం అనంతమవుతూ ఉంటే రూపం చూసి విలువ తేల్చలేం. లాగ్ తీసుకుంటే ఆ రెండింటి వేగాలూ ఒక గుణకారంలో పక్కపక్కన కనిపిస్తాయి. దాని అవధి కట్టి, చివర్లో e మీదికి ఎక్కించాలి." సరిపోతుందా?

రామ్మోహన్: "అవధి కట్టి" ముందు "అవధి ఉంటే" అని చేర్చండి. x అనంతానికి వెళ్తుంటే (1 + sin x / x)^x చూడండి. ఆధారం ఒకటవుతోంది, ఘాతం అనంతమవుతోంది. లాగ్ తీసుకుంటే sin x దగ్గర ఊగుతూనే ఉంటుంది. విలువ 1/eకి, eకి మధ్య తిరుగుతుంటుంది, ఎక్కడా ఆగదు. లాగ్ పోటీని చూపిస్తుంది, గెలిచేవాడు ఉన్నాడని హామీ ఇవ్వదు.

పైగా ఇది భానుమతి గారి మాటకీ కాస్త అడ్డొస్తుంది. sin x సున్నా అయిన ప్రతిచోటా ఆధారం కచ్చితంగా ఒకటే. అవుతూ అవుతూ మధ్యలో అయిపోయి, మళ్లీ జరిగిపోతోంది.

భానుమతి: అవుతూ, అయి, మళ్లీ కాకుండా పోయేదానికి ఏ క్రియ పెట్టమంటారు? "ఒకటికి చేరువవుతున్న" అంటే కుదురుతుందేమో. కానీ అయిపోయినదాన్ని చేరువ అనలేం కదా. ఆలోచించాలి.

వీరభద్రం: నేనైతే ఇప్పటికీ పవర్ అనే అంటాను.