బీచ్ రోడ్డు సీను, 7వ షాటు: గీత దాటడం తప్పా, కావాలనే దాటొచ్చా?

అడిగినవారు: ఉప్పుగాలి
మా షార్ట్ ఫిల్మ్‌లో ఆర్కే బీచ్ గట్టు మీద అన్నదమ్ముల సీను ఉంది. కెమెరా రోడ్డు వైపు, వెనకాల సముద్రం. ఎడమన అన్న, కుడిన తమ్ముడు, ఎదురెదురుగా కూర్చున్నారు. మొదటి షాటు వైడ్, 14 సెకన్లు. తర్వాత ఒక్కొక్కరి మీద 6, 5, 4, 4, 3 సెకన్లు. ఆరో షాటు తమ్ముడి క్లోజప్. అందులోనే "బోటు అమ్మేశాన్రా" అని అన్న గొంతు వినిపిస్తుంది. ఏడో షాటులో కెమెరా ఇసుకలోకి దిగి, సముద్రం వైపు నుంచి అన్న ముఖాన్ని 19 సెకన్లు కట్ లేకుండా చూపిస్తుంది. మాట్లాడుకునే ఇద్దరి మధ్య ఒక గీత ఉందనుకుని కెమెరా దానికి ఒకవైపే ఉండాలంటారు కదా, తమ్ముడి లోకం తలకిందులైందని చెప్పడానికే ఆ గీత దాటాను. చూసిన స్నేహితుల్లో సగం మంది తప్పే అంటున్నారు. మీరేమంటారు?

గాజువాక_వీడియో
తప్పే గురూ. నేను పెళ్లిళ్లు తీస్తాను. మండపానికి రెండు వైపులా రెండు కెమెరాలు పెట్టి కలిపేస్తే పెళ్లికొడుకు, పెళ్లికూతురు కట్ కట్‌కీ చోట్లు మారిపోతారు. ఓసారి పెళ్లికొడుకు మేనమామ ఫోన్ చేసి "ఏటి బాబూ, మావాణ్ణి ఎటు కూర్చోబెట్టావు?" అని అడిగాడు. అప్పట్నుంచి రెండో కెమెరా కూడా ఇటువైపే. నీ సీనులో ఆరులో తమ్ముడు ఎడమకి చూస్తున్నాడు, ఏడులో అన్నా ఎడమకే చూస్తున్నాడు. ఇద్దరూ కలిసి మూడో మనిషిని చూస్తున్నట్టు లేదూ? ఏడో షాటుని అద్దంలో బొమ్మలా తిప్పేయ్, అయిపోతుంది.

రీలు_పెట్టె
తిప్పితే చూపు కుదురుతుంది, మిగతాదంతా చెడుతుంది. సముద్రం వైపు నుంచి తీశాడు కాబట్టి అన్న వెనకాల రోడ్డు, దుకాణాల బోర్డులు ఉంటాయి. తెలుగు అక్షరాలు తిరగబడితే ఎవరైనా పట్టేస్తారు. చొక్కా జేబు కుడివైపుకి పోతుంది, పాపిడి మారుతుంది. కాకపోతే పరీక్షకి మాత్రం పనికొస్తుంది. ఒక కాపీలో తిప్పి, మాటలు ఆపేసి చూడండి. కుదుపు పూర్తిగా పోతే దోషం చూపు దిశది. ఇంకా మిగిలితే వేరే కారణం ఉన్నట్టు.

కైలాసగిరి_కుర్రాడు
బీచ్‌లో షూటింగ్‌కి పర్మిషన్ ఎక్కడ తీసుకున్నారు బ్రో? మాక్కూడా ఒక పాట ఉంది.

ఉప్పుగాలి
@కైలాసగిరి_కుర్రాడు అది విడిగా అడుగు తమ్ముడూ.
@రీలు_పెట్టె తిప్పి చూశాను. కుదుపు తగ్గింది గానీ పోలేదు.

రీలు_పెట్టె
అనుకున్నాను. సాయంత్రం తీశారు కదా? మన తీరంలో పొద్దు వాలేది ఊరి వైపు. రోడ్డు వైపు కెమెరా ఉన్నంతసేపూ ఆ వెలుగు మీ వెనక నుంచి వచ్చి ఇద్దరి ముఖాల మీద పడింది. ఇసుకలోకి దిగి ఊరి వైపు తిరగ్గానే వెలుగంతా అన్న వీపు వెనక్కి పోయింది. ముఖం నల్లబడింది, ఆకాశం తెల్లగా కొట్టుకుపోయింది. పైగా ఇసుక గట్టు కంటే కిందికి ఉంటుంది, కాబట్టి లో యాంగిల్ కూడా వచ్చి చేరింది. అంటే ఒక్క కట్‌లో మూడు మారాయి: దిశ, వెలుగు, ఎత్తు. మీరు చెప్పాలనుకున్నది మొదటిదొక్కటే. మిగతా రెండూ చోటు వల్ల వచ్చిపడ్డాయి.

అక్కయ్యపాలెం_అనూరాధ
లో యాంగిల్ విషయంలోనే నాకు పేచీ. కింది నుంచి తీస్తే మనిషి పెద్దగా కనిపిస్తాడు. ఆ క్షణంలో అన్న తప్పు ఒప్పుకుంటున్నాడు, చిన్నబోయి కనిపించాలి.

రీలు_పెట్టె
అనూరాధ గారూ, కింది నుంచి తీసిన ప్రతిదీ గొప్పతనమే చూపించదు. వెనక ఖాళీ ఆకాశం ఉంటే అదే కోణంలో మనిషి ఒంటరిగానూ కనిపిస్తాడు. ఇక్కడ చిక్కు వేరే. ముఖం నల్లబడింది కాబట్టి కళ్లు కనబడవు. కళ్లు కనబడనప్పుడు 19 సెకన్లలో మనం చదవడానికి ఏం మిగిలింది?

గీత దాటడం నేరమేం కాదు. కుబ్రిక్ 'ద షైనింగ్'లో (1980) ఎర్ర బాత్రూం సీను ఉంది కదా, జాక్, గ్రేడీ నిలబడి మాట్లాడుకునేది. అక్కడ కెమెరా ఒక్కసారిగా అటువైపుకి వెళ్లిపోతుంది. అయినా మనం తప్పిపోం, ఎందుకంటే దాటిన షాటులో ఇద్దరూ కనిపిస్తూనే ఉంటారు. ఎవరు ఎటు మారారో కన్ను వెంటనే సర్దుకుంటుంది, మనసులో మాత్రం ఏదో తేడా చేసిందన్న భావం మిగులుతుంది. మీరు దాటింది ఒంటరి క్లోజప్ మీద. తమ్ముడు లేడు, సముద్రం లేదు. ఆనవాలంటూ ఒక్కటీ మిగల్లేదు.

డాబాగార్డెన్స్_దాసు
నేను ఒప్పుకోను. ప్రేక్షకుడు సర్దుకోవాలని ఎవరన్నారు? తమ్ముడికే అర్థం కావట్లేదు, మనకెందుకు అర్థం కావాలి? పైగా లెక్క చూడండి. షాట్లు 6 నుంచి 3 సెకన్లకి కుదించుకుంటూ వచ్చి, గబుక్కున 19 దగ్గర ఆపాడు. ఏడో షాటు మూడు సెకన్లే ఉంటే అది పొరపాటులా కనిపించేది. ఇంతసేపు ఆపాడంటే తెలిసే చేశాడని చూసేవాడికి అర్థమవుతుంది.

రీలు_పెట్టె
దాసు గారూ, నిడివి సంగతి నిజం. పొడుగ్గా ఆపితే కుదుపుకి బలం వస్తుంది. కానీ తలకిందులైంది ఎవరి లోకం? తమ్ముడిది. అలాంటప్పుడు దాటిన తర్వాత కనిపించే ముఖం తమ్ముడిది కావాలి కదా. అన్నకి ఆ మాట కొత్త కాదు, చెప్పినవాడే అతను.

అక్కయ్యపాలెం_అనూరాధ
అలా ఎందుకనుకోవాలి? తమ్ముడి కళ్లకి అన్న కొత్త మనిషిలా కనబడుతున్నాడు అనుకుంటే అన్న ముఖమే సరైంది. ఇక్కడ మాత్రం నేను ఉప్పుగాలి పక్షమే.

రీలు_పెట్టె
అలా చదవాలంటే తమ్ముడి చూపు కెమెరాని అటు తీసుకెళ్లాలి. ఉప్పుగాలీ, ఆరో షాటు పూర్తి రష్ ఒకసారి చూడండి. డైలాగ్ అయ్యాక తమ్ముడు ఏం చేస్తాడు? మీరు మాట అయిన వెంటనే కోసేశారు.

ఉప్పుగాలి
చూశాను. మాట విన్నాక ఒక సెకను కదలడు. తర్వాత అన్న మీంచి కళ్లు తీసి, తల సముద్రం వైపు తిప్పుతాడు. మేం చెప్పలేదు, నటుడే చేశాడు.

రీలు_పెట్టె
మీకు కావలసిన కట్ అక్కడుంది. ఆ తల తిరిగేదాకా ఆగండి. తిరుగుతుండగానే, అంటే తల ఆగకముందే, ఏడుకి వెళ్లండి. అప్పుడు కెమెరా సముద్రం వైపు ఎందుకు వెళ్లిందో కంటికి కారణం దొరుకుతుంది. గీత దాటినట్టే ఉంటుంది, కానీ దాటించింది తమ్ముడే. నిడివి సుమారు రెండు సెకన్లు పెరుగుతుంది, అంటే 24 ఫ్రేముల లెక్కన 48. ఇంకో సంగతి, అలల శబ్దం రెండు షాట్ల కిందా ఒకే ట్రాకుగా పరవండి. సముద్రం దగ్గర మైకు అలల హోరు పట్టేసి ఉంటుంది. ఆ తేడా కట్ దగ్గర వినబడితే చూపు సరిదిద్దినా లాభం లేదు.

గాజువాక_వీడియో
మధ్యలో చేతుల క్లోజప్ ఒకటి పడేస్తే సరిపోదా? మేం అదే చేస్తాం, తాళిబొట్టో అక్షింతలో పెట్టి దాటేస్తాం.

డాబాగార్డెన్స్_దాసు
దాటినట్టే తెలీదు అప్పుడు. అతనికి కావలసింది తెలియడమే కదా.

ఉప్పుగాలి
ఒక చిక్కుంది. తమ్ముడు తల తిప్పేటప్పుడు వెనకనుంచి జాగింగ్ చేసే ఆయనెవరో ఎర్ర టీషర్టులో ఫ్రేములో సగందాకా వస్తాడు. ఆ టేకు వదిలేసింది అందుకే. రెండో టేకులో తల తిప్పడం లేదు.

రీలు_పెట్టె
ఫ్రేముని కొంచెం దగ్గరికి లాగితే టీషర్టు బయటికి పోతుందా? నాలుగు కేలో తీసి నాలుగు కేలోనే చూపించినా, పది పదిహేను శాతం లాగితే తేడా తెలీదు. అంతకు మించితే మాత్రం పక్క షాట్ల ముందు మెత్తబడి కనిపిస్తుంది.

అక్కయ్యపాలెం_అనూరాధ
జాగర్ ఉంటే ఉండనివ్వండి. ఆర్కే బీచ్‌లో సాయంత్రం ఎవరూ పరిగెత్తకపోతేనే అనుమానం.

ఉప్పుగాలి
నాలుగు కేనే. రెండు కాపీలు చేస్తాను, ఒకటి లాగి, ఒకటి జాగర్‌తో. ముఖం నల్లబడటం మాత్రం రంగులు సరిచూసేటప్పుడు ఎంత లేపినా నలుసులు వస్తున్నాయి. అదొక్కటీ రిఫ్లెక్టర్ పట్టుకుని మళ్లీ తీయాలేమో, దాసు గారు నల్లగానే ఉంచమంటారని తెలుసు.

డాబాగార్డెన్స్_దాసు
ఉంచమనే అంటాను.